మాట ముందా, స్లైడు ముందా: తనంతట తాను నడిచే పాఠం వీడియో

మా ఊరి హైస్కూలు భౌతికశాస్త్రం మాస్టారు ఒక సాయంత్రం ఫోన్ చేశారు. కుంభాకార కటకం మీద తొమ్మిది స్లైడ్ల పాఠం తయారు చేశారు. ప్రతి స్లైడుకూ వ్యాఖ్యానం విడిగా రికార్డు చేసి అతికించారు. చివర వీడియోగా మార్చారు. "ఏమండీ, ఏడు నిమిషాల పాఠం ఆరున్నర కూడా రాలేదు. మధ్యలో ఏదో పోయింది. ఏది పోయిందో చూడాలంటే మొత్తం మళ్ళీ వినాలా?" అని అడిగారు.

వినక్కర్లేదు, లెక్క వేస్తే చాలు. ఆ లెక్క ఎలా వేయాలో తెలియాలంటే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. స్లైడ్లను వీడియోగా మార్చే పద్ధతులు చాలా ఉన్నాయి. వాటి మధ్య అసలు తేడా మెనూల్లోనో బొత్తాల్లోనో లేదు, కాలాన్ని ఎక్కడ దాచిపెడతాయన్న దగ్గర ఉంది. ఒక పద్ధతిలో అది ఒక్కో స్లైడు లోపల ఉంటుంది. ఇంకోదానిలో మొదటి నుంచి చివరిదాకా సాగే ఒకే రికార్డింగులో ఉంటుంది. మూడోదానిలో ఆడియో ఫైలు ఎంత పొడవుంటే అంతే కాలం. వీడియోలో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఈ మూడింటిని కలగాపులగం చేయడం వల్ల వచ్చేవే.

కంప్యూటర్లకు ముందే ఈ ప్రశ్న ఉండేది. బడుల్లో ఫిల్మ్‌స్ట్రిప్పు ప్రొజెక్టరుతో పాటు రికార్డో క్యాసెట్టో నడిపేవారు. వ్యాఖ్యానం మధ్యలో "బీప్" అని వినపడగానే మాస్టారు నాబు తిప్పి తర్వాతి బొమ్మకు వెళ్ళేవారు. తనంతట తాను నడిచే ప్రొజెక్టర్లకు బీప్ బదులు చెవికి దాదాపు వినపడని 50 హెర్ట్జ్ సంకేతాన్ని టేపులోనే ఎక్కించేవారు. అంటే అక్కడ గడియారం టేపు. బొమ్మ దాని వెనక నడిచేది. మాట సాగినంత సేపు బొమ్మ నిలబడేది. కంప్యూటరు స్లైడ్లు వచ్చాక ఈ వరస తిరగబడింది. స్లైడుకు సెకన్లు కేటాయించి, మాటను ఆ సెకన్లలో ఇమడ్చడం మొదలైంది. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: పాఠానికి పాత టేపు పద్ధతే సరైంది. కొత్త సాధనాలతో కూడా దానికి ఎంత దగ్గరగా వెళ్ళగలిగితే అంత మంచిది.

పవర్‌పాయింట్ నుంచి మొదలుపెడదాం, ఎక్కువ మంది చేతిలో ఉండేది అదే. 2010 సంచికతో దీనికి వీడియోగా మార్చే సౌకర్యం వచ్చింది. అప్పట్లో డబ్ల్యూఎంవీ ఒక్కటే దిక్కు. 2013 నుంచి ఎంపీ4 వచ్చింది. ఇది కాలాన్ని ఒక్కో స్లైడులో విడివిడిగా దాస్తుంది. పీపీటీఎక్స్ ఫైలు నిజానికి ఒక జిప్ సంచి. దాన్ని విప్పి `ppt/slides` లో ఏదైనా స్లైడును తెరిస్తే ఇలాంటి వరస కనిపిస్తుంది:

```
<p:transition advClick="0" advTm="48000">
  <p:fade/>
</p:transition>
```

ఇక్కడ `advTm` అంటే ఈ స్లైడు ఎన్ని మిల్లీసెకన్ల తర్వాత ముందుకు జరగాలన్నది. 48000 అంటే 48 సెకన్లు. వ్యాఖ్యానం ఆడియో `ppt/media` లో వేరే ఫైలుగా ఉంటుంది. స్లైడు కాలం ఒకచోట, మాట ఇంకోచోట. రెండూ కలిసి నడుస్తున్నట్టు పైకి కనిపిస్తాయి గానీ, ఒకదాన్ని మారిస్తే రెండోది దానంతట మారదు.

ఈ ఏర్పాటు వల్ల పెద్ద లాభం ఒకటుంది. ఆరో స్లైడులో మాట తడబడితే ఆ ఒక్క స్లైడునే మళ్ళీ రికార్డు చేయవచ్చు, మిగతా ఎనిమిదీ చెక్కుచెదరవు. ఒక్క జాగ్రత్త మాత్రం కావాలి. "From Current Slide" అని మొదలుపెట్టి చెప్పడం పూర్తి కాగానే అక్కడికక్కడే ఆపేయాలి. అలవాటు కొద్దీ ఇంకోసారి నొక్కి ఏడో స్లైడులోకి వెళ్ళారా, దాని పాత వ్యాఖ్యానం పోయి అక్కడ కొత్తగా ఒకటి రెండు సెకన్ల నిశ్శబ్దం కూర్చుంటుంది. వీడియోలో ఒక స్లైడు తళుక్కున మెరిసి మాయమైతే ముందు అనుమానించాల్సింది దీన్నే.

రెండో తంటా పరివర్తన దగ్గర వస్తుంది. ఒక స్లైడు కరిగి ఇంకోటి తేలే ఆ ముప్పాతిక సెకనులో పవర్‌పాయింట్ గొంతును రికార్డు చేయదు. తరగతి గదిలో పాఠం చెప్పేవారు స్లైడు మారుతుండగానే మాట అందుకుంటారు, అదే సహజం. రికార్డింగులో మాత్రం ఆ తొలి అక్షరాలు పోతాయి. "ఇప్పుడు నాభి దగ్గర" అని చెప్పింది "డు నాభి దగ్గర" అయి కూర్చుంటుంది. మొత్తం పాఠం వినకుండానే దీన్ని పట్టుకోవచ్చు. ప్రతి స్లైడు మొదటి మాట ఒక్కటీ వింటూ పోతే తొమ్మిది స్లైడ్లకు నిమిషం కూడా పట్టదు. రాకుండా చూసుకోవడం ఇంకా సులువు. స్లైడు మార్చాక బొమ్మ పూర్తిగా నిలదొక్కుకునే దాకా ఆగి, అప్పుడు నోరు తెరవాలి. రికార్డు చేసేటప్పుడు పరివర్తనలన్నీ తీసేసి, పని పూర్తయ్యాక పెట్టుకునేవారూ ఉన్నారు. అదీ మంచి పద్ధతే.

ఇప్పుడు మాస్టారి లెక్కకు వద్దాం. ఆయన వ్యాఖ్యానాన్ని కంప్యూటరు ముందు ఒక్క ఊపులో చెప్పలేదు. ఒక్కో స్లైడు మాటా విడిగా రికార్డు చేసి, ఆ ఫైళ్ళను అతికించి, ప్రతి ఫైలు పొడవునూ ఆ స్లైడు "After" గడిలో వేశారు. ఆ తొమ్మిది పొడవులూ ఒక కాగితం మీద రాసి పెట్టుకోవడం ఆయన చేసిన మంచి పని: 22, 48, 61, 35, 74, 52, 40, 66, 30 సెకన్లు. కూడితే 428, అంటే 7 నిమిషాల 8 సెకన్లు. రెండో స్లైడు నుంచి తొమ్మిదో దాకా ఎనిమిది చోట్ల 'ఫేడ్' పెట్టారు. దాని మామూలు నిడివి 0.7 సెకను. పవర్‌పాయింట్‌లో పరివర్తన కాలం స్లైడు కాలంలోంచి తీసుకోదు, దానికి అదనంగా చేరుతుంది. ఎనిమిది 0.7లు 5.6. మొత్తం 433.6, అంటే 7 నిమిషాల 13 సెకన్ల పైచిలుకు రావాలి. ఆయన వీడియో 6 నిమిషాల 26 సెకన్ల దగ్గర ఆగింది. తేడా 47.

ఆ 47 ఎక్కడిదో చూడండి. కాలం నిర్ణయించని స్లైడు ఏదైనా ఉంటే వీడియోగా మార్చేటప్పుడు దానికి మామూలుగా 5 సెకన్లు ఇస్తారు. "Create a Video" తెరలో "Seconds spent on each slide" అని కనిపించే 05.00 ఇదే. 47కు ఆ 5 కలిపితే 52. కాగితం మీద 52 సెకన్ల స్లైడు ఒక్కటే ఉంది, ఆరోది. ఫోనులోనే అడిగాను: "ఆరో స్లైడు మళ్ళీ చెప్పారా?" అవునన్నారు. పాత ఆడియో తీసేసి, కాలం గుర్తు కూడా తీసేసి, కొత్తది రికార్డు చేసి, దాన్ని అతికించడం మరిచిపోయారు. ఆరో స్లైడు మాటలేమీ లేకుండా ఐదు సెకన్లు నిలబడి వెళ్ళిపోయింది.

రావాల్సిన నిడివిని ముందే కూడి పెట్టుకుంటే వచ్చిన తేడా ఇలా తనను తానే చెప్పుకుంటుంది. అందుకే వీడియోగా మార్చకముందు ఈ కూడిక తప్పనిసరి అంటాను. తేడా 0.7కు గుణిజంలా కనిపిస్తే తప్పు పరివర్తనల్లో ఉంది. ఏదో ఒక స్లైడు పొడవులోంచి ఐదు తీసేస్తే వచ్చే సంఖ్యలా ఉంటే ఆ స్లైడు కాలం పోయింది. మొత్తం వీడియో 50 సెకన్లకు అటూ ఇటూగా వస్తే తొమ్మిది స్లైడ్లూ ఐదేసి సెకన్ల చొప్పున పోయినట్టు. "Use Recorded Timings and Narrations" బదులు "Don't Use" ఎంపికై ఉందన్నమాట.

మాస్టారు సెకన్లను చేత్తో వేశారు గానీ, అంత అవసరం లేదు. ఇక్కడ టేపు పద్ధతికి దగ్గరయ్యే ఉపాయం ఒకటుంది. ఆడియోను "Automatically" మొదలయ్యేలా పెట్టి, స్లైడు "After" కాలాన్ని సున్నా చేయాలి. స్లైడు మీది కదలికలూ, వరసలో ఉన్న ఆడియో పూర్తయ్యే దాకా పవర్‌పాయింట్ ముందుకు పోదు. కాబట్టి సున్నా అని రాసినా మాట ముగిసే దాకా స్లైడు నిలబడుతుంది. రేపు ఆడియో 52 నుంచి 58 సెకన్లకు పెరిగినా ఏ అంకెనూ ముట్టుకోనక్కర్లేదు, గొంతే గడియారం అవుతుంది. ఒకే ఒక్క మినహాయింపు ఉంది. "Play in Background" నొక్కిన ఆడియో స్లైడును ఆపదు, స్లైడ్ల మీదుగా సాగిపోతుంది. అది నేపథ్య సంగీతం కోసం పెట్టింది. ఆడియో మొదట్లో, చివర్లో అర సెకను చొప్పున నిశ్శబ్దం వదిలితే ఒక మాట తోకను ఇంకో మాట తొక్కదు.

కదలికలున్న స్లైడు సంగతి వేరే చెప్పాలి. ఈ పాఠంలో 74 సెకన్ల ఐదో స్లైడు అలాంటిది. వస్తువు కొన నుంచి బయలుదేరే మూడు కిరణాలు ఒకదాని తర్వాత ఒకటి గీయాలి. ప్రధానాక్షానికి సమాంతరంగా వెళ్ళి నాభి గుండా పోయేది, కటక కేంద్రం గుండా సూటిగా పోయేది, ఇవతలి నాభి గుండా వచ్చి సమాంతరంగా బయటపడేది. మాటల్లో ఇవి 12, 31, 50 సెకన్ల దగ్గర వస్తాయి. స్లైడు ముందు కూర్చుని రికార్డు చేసేటప్పుడు ఆ క్షణాల్లో నొక్కితే ఆ నొక్కుళ్ళ సమయాలు కూడా స్లైడులో చేరతాయి, బాగానే ఉంటుంది. తర్వాత పదో సెకను దగ్గర వచ్చిన దగ్గును కత్తిరించాలని ఆడియోను బయటికి తీసి, మూడు సెకన్లు కోసి, మళ్ళీ పెట్టారనుకోండి. మాట మూడు సెకన్లు ముందుకు జరిగింది, కిరణాలు పాత చోటే ఉన్నాయి. "ఇదిగో ఈ కిరణం" అన్నాక మూడు సెకన్లకు గీత వస్తుంది. చూసే పిల్లవాడికి ఆ మూడు సెకన్లు చాలు, ఏ కిరణం గురించి చెబుతున్నారో దారి తప్పడానికి.

దీనికి నాకు నచ్చిన పరిష్కారం మొరటుగా ఉంటుంది గానీ గట్టిది. ఆ స్లైడును నాలుగు చేయాలి: కిరణాలు లేనిది, ఒకటి ఉన్నది, రెండు ఉన్నది, మూడూ ఉన్నది. ఆడియోను కూడా 12, 19, 19, 24 సెకన్ల ముక్కలు చేసి దేనిది దానికి ఇవ్వాలి. వాటి మధ్య పరివర్తన పెట్టకూడదు. చూసేవారికి ఒకే స్లైడు మీద కిరణాలు వస్తున్నట్టే ఉంటుంది. ఏ ముక్కలో దగ్గు వచ్చినా ఆ ముక్కలోనే సర్దుకుంటుంది.

కీనోట్ వాడేవారికి కథ వేరు. మ్యాక్‌లో కీనోట్ రికార్డింగు పొడవునా సాగే ఒకే ధార. స్లైడ్లు ఎప్పుడు మారాయో ఆ ధార మీద గుర్తులుగా ఉంటాయి. పాత టేపుకు ఇది చాలా దగ్గర, అందుకే మొదటిసారి చెప్పినప్పుడు మాట ఎంతో సహజంగా సాగుతుంది, స్లైడు మారినప్పుడు గొంతు తెగదు. ఇబ్బంది సవరణలో వస్తుంది. మధ్యలో ఒక స్లైడు మాట మార్చడం టేపు మధ్యలో కోసి అతికించినంత పని. రికార్డు చేశాక స్లైడ్ల వరస మార్చినా, కొత్తది చేర్చినా మాటకూ బొమ్మకూ పొంతన తప్పుతుంది. ఆ సంగతి కీనోటే హెచ్చరిస్తుంది. కాబట్టి కీనోట్‌లో స్లైడ్లను చివరి అక్షరం దాకా సరిచూసుకున్నాకే మైకు తీయాలి. ఎగుమతి చేసేటప్పుడు "Slideshow Recording" ఎంచుకోవాలి. "Self-Playing" ఎంచుకుంటే గొంతు రాదు. స్లైడుకు ఇన్ని సెకన్లు, కదలికకు ఇన్ని సెకన్లు అన్న లెక్కతో నడిచిపోతుంది.

ఇక మూడో దారి. లైబ్రేఆఫీస్ ఇంప్రెస్ వాడేవారు, లేదా ఏ సాఫ్ట్‌వేర్ కాలాన్నీ నమ్మదలచుకోనివారు స్లైడ్లను పీడీఎఫ్‌గా తీసి, పేజీలను బొమ్మలుగా చేసి, ఒక్కో బొమ్మనూ ఒక్కో ఆడియోతో జోడిస్తారు. పీడీఎఫ్‌లో కదలికలు ఉండవు, మూడు కిరణాలూ ఒకేసారి కనిపిస్తాయి. అందువల్ల ఐదో స్లైడును నాలుగు చేయడం ఇక్కడ తప్పదు, తొమ్మిది స్లైడ్లు పన్నెండు అవుతాయి. కిరణాలు లేని ఐదో బొమ్మకు ఆదేశాలు ఇవి:

```
pdftoppm -scale-to-x 1920 -scale-to-y 1080 -png katakam.pdf s
ffmpeg -loop 1 -framerate 30 -i s-05.png -i 05.wav -t 12 \
  -c:v libx264 -tune stillimage -pix_fmt yuv420p \
  -c:a aac -b:a 96k -ar 48000 05.mp4
```

ఇందులో `-t 12` ముఖ్యం. చాలామంది దాని బదులు `-shortest` రాస్తారు, ఆడియో అవగానే ఆపమని అర్థం. నిలిచిపోయిన బొమ్మతో వాడినప్పుడు అది కచ్చితంగా ఆడియో చివర ఆగదు, కొంచెం దాటి పోతుంది. ఒక్క ముక్కలో తెలియదు, పన్నెండు కలిపినప్పుడు తెలుస్తుంది. ఆడియో పొడవును ముందే కొలిచి అంకెగా ఇవ్వడం మేలు. `yuv420p` లేకపోతే కంప్యూటరులో చక్కగా ఆడే వీడియో కొన్ని ఫోన్లలో తెరుచుకోదు. `-ar 48000` అన్ని ముక్కలకూ ఒకే నమూనా రేటు ఇస్తుంది. కొన్ని ముక్కలు 44100, కొన్ని 48000 ఉంటే అతుకుల దగ్గర గొంతు పాడవుతుంది.

ఈ దారిలో పరివర్తన లెక్క పవర్‌పాయింట్‌కు పూర్తిగా ఎదురు తిరుగుతుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో `xfade` రెండు ముక్కలను ఒకదాని మీద ఒకటి ఎక్కిస్తుంది. 0.7 సెకను పరివర్తన అంటే ముందు ముక్క చివరి 0.7, తర్వాతి ముక్క మొదటి 0.7 ఒకే కాలంలో నడుస్తాయి. ఎనిమిది చోట్ల పెడితే 5.6 సెకన్లు కలవవు, తగ్గుతాయి. అదే పాఠం 433.6 బదులు 422.4 సెకన్లు వస్తుంది. గొంతును కూడా అలాగే కలిపితే ఒక వాక్యం చివరి మాట మీద ఇంకో వాక్యం మొదటి మాట పడుతుంది. అందుకని ఇక్కడ ప్రతి ముక్కకూ చివర పరివర్తనంత, ఇంకా కొంచెం ఎక్కువే నిశ్శబ్దం చేర్చాలి. ఒక సాధనంలో నేర్చుకున్న లెక్కను ఇంకోదానికి తీసుకుపోయి నష్టపోయేది సరిగ్గా ఇక్కడే.

పాఠం వీడియోకు పరివర్తనలు అసలు ఎందుకన్న ప్రశ్న కూడా ఉంది. నా లెక్కలో ఒకే విషయం సాగుతున్నప్పుడు ఏదీ వద్దు, విషయం మారినప్పుడు ఒక ఫేడ్ చాలు. తిరిగేవి, ఎగిరేవి కంటికి అడ్డం, ఫైలుకు భారం. ఈ రెండోది కొంచెం వివరించాలి. వీడియో కుదింపు ఒక చట్రానికీ తర్వాతి చట్రానికీ మారిన భాగాన్నే ఎక్కువగా రాసుకుంటుంది. నిలిచిపోయిన స్లైడులో ఏమీ మారదు కాబట్టి నిమిషం సేపు ఉన్నా దానికి ఖర్చు స్వల్పం. తెరంతా కదిలే పరివర్తనలో ప్రతి చట్రమూ కొత్తదే. కదలికలు తక్కువున్న పాఠంలో బరువంతా గొంతుదే అవుతుంది. సెకనుకు 96 కిలోబిట్ల చొప్పున 428 సెకన్ల గొంతు 5 మెగాబైట్ల పైచిలుకు. వాట్సాప్‌లో అందుకునే ఊరి పిల్లలకు ఈ అంకె ముఖ్యం.

ఆ పిల్లలు చూసేది ఫోనులో. స్లైడు ఎత్తు ఏడున్నర అంగుళాలు, అంటే 540 పాయింట్లు. 18 పాయింట్ల అక్షరం అందులో ముప్పయ్యో వంతు. అడ్డంగా పట్టుకున్న ఫోను తెర ఎత్తు ఆరున్నర, ఏడు సెంటీమీటర్లు అనుకుంటే ఆ అక్షరం వరసకు రెండు మిల్లీమీటర్ల పైన కొంచెం దక్కుతుంది. తెలుగులో ఆ రెండు మిల్లీమీటర్లలోనే పైన గుడి, కింద ఒత్తు కూడా ఇమడాలి. "వక్రీభవనం"లో క్రావడి కనపడక పిల్లలు చదవలేకపోతే తప్పు వాళ్ళది కాదు. 28కి తగ్గకుండా రాయమంటాను. అక్షరం పెద్దదైతే స్లైడు మీద మాటలు తగ్గుతాయి, అదీ మంచికే. తెర మీది వాక్యాన్నే గొంతు కూడా చదివితే నేర్చుకోవడానికి అడ్డమవుతుందని రిచర్డ్ మేయర్ వంటి వారి పరిశోధనలు చెబుతున్నాయి. తెర మీద బొమ్మ ఉండాలి, దాని గురించి గొంతు మాట్లాడాలి.

వీడియో వల్ల తెలుగుకు ఒక మేలు కూడా ఉంది. స్లైడ్ల ఫైలును ఇంకో కంప్యూటరులో తెరిస్తే అక్కడ మీ ఖతి లేకపోతే ఒత్తులు విడిపోవచ్చు, వరసలు పొంగి పక్కకు పోవచ్చు. వీడియోలో అక్షరాలు బొమ్మలైపోతాయి కాబట్టి ఆ బెంగ లేదు. ఒక్క షరతు: ఏ కంప్యూటరులో స్లైడ్లు తయారు చేశారో దానిలోనే వీడియోగా మార్చాలి. ఇంకోచోట మారిస్తే చెడిన అక్షరాలే శాశ్వతంగా బొమ్మకడతాయి.

నిడివి విషయంలో పెద్ద ఎత్తున జరిగిన ఒక పరిశీలన ఉంది. ఫిలిప్ గువో, జూహో కిమ్, రాబ్ రూబిన్ 2014లో ఎడెక్స్ పాఠాల్లో 69 లక్షల వీక్షణలను చూసి, ఆరు నిమిషాల లోపు వీడియోలను విద్యార్థులు ఎక్కువ శ్రద్ధగా చూస్తున్నారని తేల్చారు. ఉత్త స్లైడ్ల కంటే మధ్య మధ్యలో చెప్పేవారి ముఖం కనిపించే పాఠాలకు ఆదరణ ఎక్కువని కూడా. అది విశ్వవిద్యాలయ పాఠాల మీద చేసింది, పదో తరగతికి అంకెలు అలాగే సరిపోవాలని లేదు. అయినా ఏడు నిమిషాల పాఠంలో ఒక కోత పెట్టదగిన చోటు ఉంటే పెట్టడమే నయం. మాస్టారి పాఠంలో ఆ చోటు ఉంది. ఐదో స్లైడుతో కిరణ చిత్రం పూర్తవుతుంది, నాలుగు నిమిషాలకు. ఆరో స్లైడు నుంచి కటక సూత్రం.

వీడియోగా మార్చే పనిలో చివరి అడుగు ఓపిక. కింది పట్టీలో గీత నిండే దాకా పవర్‌పాయింట్‌ను మూయకూడదు. సగంలో ఉన్న ఫైలును పంపితే అవతలివారికి తెరుచుకోదు. చాలా పాఠాలు ఒకేసారి మార్చాల్సినవారు మాక్రోలో ఒక వరస రాసుకోవచ్చు:

```
ActivePresentation.CreateVideo "C:\patham\katakam.mp4", _
    True, 5, 1080, 30, 85
```

ఫైలు పేరు తర్వాత వరసగా ఇవి: రికార్డు చేసిన కాలాలు వాడాలా, కాలం లేని స్లైడుకు ఎన్ని సెకన్లు, ఎత్తులో ఎన్ని చుక్కలు, సెకనుకు ఎన్ని చట్రాలు, నాణ్యత ఎంత. ఈ ఆదేశం పని మొదలుపెట్టి వెంటనే తిరిగొస్తుంది. పని పూర్తయిందో లేదో `CreateVideoStatus` చెబుతుంది, 3 అయితే పూర్తి, 4 అయితే విఫలం. ఆ 5 ఇక్కడ కూడా ఉంది చూడండి. దాన్ని నేను 1 చేస్తాను. కాలం మరిచిపోయిన స్లైడు ఐదు సెకన్లు నిలబడితే ఎవరో చూసి ఊరుకుంటారు. ఒక్క సెకనులో మాయమైతే మొదటిసారి చూసినప్పుడే కంట్లో పడుతుంది.

మాస్టారు ఆరో స్లైడు ఆడియో అతికించి, పాఠాన్ని రెండుగా విడదీసి మళ్ళీ మార్చారు. మొదటి భాగం ఐదు స్లైడ్లు 240 సెకన్లు, నాలుగు ఫేడ్లు 2.8. రెండోది నాలుగు స్లైడ్లు 188, మూడు ఫేడ్లు 2.1. రాత్రి పదింటికి మెసేజ్ పెట్టారు: "4.02, 3.10. సరిపోయాయి."